చిలపను తడిపి చూసినాకే అమ్మండి



మంచి గూళ్లు శిడ్లఘట్ట మార్కెట్లో అమ్మినాక డబుల్ గూళ్లు, మరక గూళ్లు ఇంట్లో మిగిలిపోతాయి కదా. మేము వాటిని కత్తిరించి, పురుగు తీసేసి, సబ్బు, సోడా వేసి ఉడికించి, కాలితో తొక్కే రాట్నం మీద నూలు తీస్తాము. పోయిన సారి 200 గ్రాముల రెండు పేటల నూలు ఒక నేత ఆయనకు ఇచ్చినాము. వారం లోపలే తిరిగొచ్చింది. రంగు వేసేదానికి తడిపితే దారమంతా ముడుచుకొని, ఎక్కడికక్కడ మెలికలు లేచినాయంట. మా ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం తిన్నగానే ఉండింది.

తప్పు పేనడంలోనే జరిగింది. ఒంటి పోగు తీసేటప్పుడు రాట్నం కుడివైపు తిరుగుతుంది. రెండు పోగులు కలిపి పేనేటప్పుడు ఎడమవైపు తిప్పాలి. అట్లా తిప్పేకొద్దీ పోగుల్లోని పురి కొంచెం విడిపోతుంది, కలిపిన దారంలో ఎదురు పురి ఎక్కుతుంది. రెండూ సరితూగితే దారం ఎటూ తిరగదు. సరితూగకపోతే మిగిలిన పురి లోపలే దాక్కొని ఉంటుంది.

మేము పోగు తీసేటప్పుడు మూరకు 12 తొక్కులు తొక్కినాము. పేనేటప్పుడు 4 తొక్కులకే వదిలేసినాము. సుమారుగా చూస్తే పోగుకు ఇచ్చిన పురిలో మూడింట రెండు పాళ్లు, అంటే 8 తొక్కులు పడాల్సింది.

మరి అప్పుడే ఎందుకు కనపడలేదు? పోగులు పది రోజులు కండెల మీదే ఉండిపోయినాయి. అట్లా ఉంటే పురి నిద్రపోతుంది, పోయినట్టు కనిపిస్తుంది కానీ పోదు. దానికి తోడు చిలపలు ఆరేటప్పుడు కింద రాయి కట్టినాము. బరువుకు దారం సాగి తిన్నగా ఆరింది. మళ్లీ నీళ్లు తగలగానే పురి లేచింది. ఉడకడం చాలక గూళ్లలో బంక మిగిలితే కూడా ఇదే కథ. బంక పురిని అంటించి పెడుతుంది, వేడి రంగునీళ్లలో అది కరిగితే దారం తిరుగుతుంది.

ఇప్పుడు మేము ఇట్లా చేస్తున్నాము. పోగు తీస్తా తీస్తానే రాట్నం ఆపి, మూరెడు పోగు వెనక్కి లాగి, మధ్యలో మడిచి వదులుతాము. అది తనంతట తానే పేనుకుంటుంది. ఆ పోగుకు ఎంత పేనాలో అదే చూపిస్తుంది. ఆ ముక్కను కత్తిరించి, ముడి వేసి, అట్టముక్కకు కట్టి రాట్నం పక్కనే పెట్టుకుంటాము. పేనేటప్పుడు దారం దానిలాగే కనిపించాలి. కండె పాతదైతే మడిచే ముందు పోగును తడిపితే నిద్రపోయిన పురి లేస్తుంది.

పేనిన దారాన్ని చిలప చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్లలో అరగంట నాననిస్తాము. తర్వాత బరువు లేకుండా ఒక వేలికి వేలాడదీస్తాము. తెరుచుకొని తిన్నగా వేలాడితే సరితూగినట్టే. చిలప మెలిక పడితే ఆ మెలిక ఎటు వాలిందో చూడండి. దారంలో రెండు పేటలు వాలినవైపే చిలప మెలిక కూడా వాలితే పేనింది తక్కువ. ఎదురువైపు వాలితే పేనింది ఎక్కువ.

తక్కువైతే దారాన్ని మళ్లీ రాట్నంలో పెట్టి అదే ఎడమవైపు తిప్పాలి. తిరిగొచ్చిన నూలుకు మేము మూరకు ఇంకో 4 తొక్కులు ఇచ్చినాము, చిలప తెరుచుకుంది. ఎక్కువైతే కుడివైపు తిప్పి కొంచెం విప్పాలి. ఒకేసారి అన్నిటికీ చేయొద్దు, ఒక చిన్న చిలపకు చేసి, తడిపి చూసినాకే మిగతావి పట్టుకోండి.

కడిగేటప్పుడు చేతికి ఓర్చుకునేంత వేడి నీళ్లు, కొంచెం మెత్తని సబ్బు చాలు. తడి పట్టుకు బలం తక్కువ కాబట్టి పిండొద్దు, రుద్దొద్దు. రెండు మూడు నీళ్లు మార్చి, పాత తువ్వాలులో చుట్టి ఒత్తండి. రెండు చేతుల మధ్య చిలపను నాలుగైదు సార్లు లాగి విదిలిస్తే పురి దారమంతా సమంగా సర్దుకుంటుంది. నీడలో, బరువు కట్టకుండా ఆరేయండి. ఒకటి గుర్తుపెట్టుకోండి, కడగడం వల్ల చిన్న చిన్న హెచ్చుతగ్గులే సర్దుకుంటాయి. పేనడంలో పెద్ద తప్పుంటే దాన్ని నీళ్లు దిద్దవు, బయటపెడతాయి.

ఆ 200 గ్రాములు దిద్దేదానికి మాకు రెండు రోజులు పట్టింది. నేత ఆయన మళ్లీ తీసుకున్నాడు, కానీ ముందు మా ఎదురుగానే ఒక చిలపను నీళ్లలో ముంచి చూసినాడు. మనమే ఇంట్లో ముంచి చూసుకుంటే ఆ మాట పడే పనే ఉండదు.