టీమ్ మార్చమని అడిగే ఉత్తరం

ఇంజినీరింగ్ ఆఖరి సెమిస్టర్‌లో ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళిన విద్యార్థికి ఏ టీమ్ దక్కుతుందనేది చాలాసార్లు తను నేర్చుకున్నదాన్ని బట్టి తేలదు. చేరే వారంలో ఏ మేనేజర్ దగ్గర మనుషులు తక్కువగా ఉన్నారో దాన్ని బట్టి తేలుతుంది. డేటా ఇంజినీరింగ్ మీద మనసు పెట్టుకున్న అమ్మాయి మాన్యువల్ టెస్టింగ్‌లో కూర్చుంటుంది. నెల తిరిగేసరికి, టీమ్ మార్చమని మేనేజర్‌కి మెయిల్ రాయాలనిపిస్తుంది. అందులో తప్పేమీ లేదు. కానీ అలాంటి ఉత్తరాల్లో సాధారణంగా రాసినవాళ్ళ కోరికే నిండి ఉంటుంది. నిర్ణయం తీసుకోవలసిన మనిషి ముందున్న చిక్కు గురించి ఒక్క ముక్క ఉండదు. అందుకే వాటికి "చూద్దాం" అనే జవాబు వస్తుంది, ఆ తర్వాత ఎవరూ చూడరు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. భీమవరం వైపు కాలేజీలో సీఎస్ఈ చదివే అమ్మాయి. గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో జనవరి నుంచి జూన్ దాకా ఇంటర్న్‌షిప్. ఆమెని పెట్టింది టెస్టింగ్ టీమ్‌లో. రెండు వారాలకోసారి కొత్త మార్పులు వస్తాయి. వచ్చిన ప్రతిసారీ పాత ఫీచర్లన్నీ ఇంకా పనిచేస్తున్నాయో లేదో షీటు ముందు పెట్టుకుని ఒక్కొక్కటే చూడాలి. దాన్నే రిగ్రెషన్ అంటారు. లాగిన్ అవ్వాలి, ఆర్డర్ పెట్టాలి, క్యాన్సిల్ చెయ్యాలి, రిపోర్టు తెరవాలి, తప్పు కనబడితే జిరాలో బగ్ రాయాలి. ఆమె కాలేజీలో ఎస్‌క్యూఎల్, పైథాన్ బాగా నేర్చుకుంది. అదే అంతస్తులో, ఇంకో వరుసలో డేటా టీమ్ ఉంది.

మొదట ఆమెకి తోచే మెయిల్ ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఇక్కడ కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదని, తన నైపుణ్యాలకి తగిన టీమ్‌కి మార్చమని, కెరీర్‌కి అది చాలా ముఖ్యమని రాస్తుంది. ఆ మెయిల్ చదివిన మేనేజర్‌కి మూడు సంగతులు వినబడతాయి. నా టీమ్ పని పనికిమాలినదని ఈ అమ్మాయి అనుకుంటోంది. ఏ టీమ్‌కి, ఏం నేర్చుకోవడానికి వెళ్తుందో ఆమెకే తెలియదు. ఆమె వెళ్ళిపోతే వచ్చే రిలీజ్‌కి ఆ షీటు ఎవరు చూస్తారన్నది మాత్రం నేనే తేల్చుకోవాలి. ఈ మూడోదే అసలు అడ్డంకి. మేనేజర్ చెడ్డవాడు కానక్కర్లేదు. ఇంటర్న్ స్టైపెండ్ ఏ విభాగం ఖర్చులో పడుతుంది, రిలీజ్ తేదీ ఎప్పుడు, అవతలి టీమ్ లీడ్ ఈమెని తీసుకుంటాడా, ఒకరిని మారిస్తే మిగతా ఇంటర్న్‌లకి ఏం చెప్పాలి... ఇవన్నీ తేలకుండా ఆయన సరే అనలేడు. జవాబు దొరకని ప్రశ్నలు నాలుగు ముందుంటే ఎవరికైనా వాయిదా వేయడమే సులువు.

కాబట్టి అసలు పని రాయడానికి ముందే మొదలవుతుంది. ముందుగా, నేర్చుకోవాలనుకున్నది పని రూపంలో చెప్పగలగాలి. డేటా ఇంజినీరింగ్ నేర్చుకోవాలి అంటే మేనేజర్ చేతికి ఏమీ చిక్కదు. రాత్రిపూట నడిచే లోడ్ జాబ్ రాయడం, అది మధ్యలో ఆగిపోతే ఎక్కడ ఆగిందో పట్టుకుని మళ్ళీ నడపడం అంటే చిక్కుతుంది. అలాంటి పని అవతలి టీమ్‌లో నిజంగా ఉందో లేదో కనుక్కోవచ్చు, ఒక ఇంటర్న్‌కి అప్పగించగలరో లేదో చెప్పొచ్చు.

రెండోది, ఆ పనికి తను పనికొస్తానని చూపించే ఆధారం ఒకటి ఉండాలి. సర్టిఫికెట్లు దీనికి పెద్దగా అక్కరకు రావు. ఇప్పుడు చేస్తున్న పనిలోంచి వచ్చిన ఆధారమైతే బలం ఎక్కువ. మన ఉదాహరణలో అది ఇలా దొరికింది. సేల్స్ రిపోర్టు పేజీలో ఒక రోజు మొత్తం ఉండవలసినదానికన్నా ఎక్కువ చూపించింది. మొత్తం తప్పు అని బగ్ రాసేసి ఊరుకుంటే ఆమె పని అయిపోయినట్టే. కానీ టెస్ట్ డేటాబేస్‌ని చదవడానికి ఆమెకి అనుమతి ఉంది కాబట్టి ఒక చిన్న ప్రశ్న వేసి చూసింది:

```sql
SELECT order_id, COUNT(*)
FROM orders_daily
GROUP BY order_id
HAVING COUNT(*) > 1;
```

ఒకే ఆర్డర్ నంబర్ ఒకటికన్నా ఎక్కువసార్లు ఉంటే చూపించమని దీని భావం. చాలా ఆర్డర్లు రెండేసి సార్లు కనబడ్డాయి. ముందు రాత్రి లోడ్ జాబ్ సగంలో ఆగిపోయింది. దాన్ని మొదటి నుంచి మళ్ళీ నడిపారు. మొదటిసారి ఎక్కిన వరుసలు అలాగే ఉండగా అవే మళ్ళీ ఎక్కాయి. బగ్ పేజీలో కాదు, లోడ్‌లో ఉంది. ఆమె ఆ ఫలితాన్ని బగ్‌కి జతచేసింది. డేటా టీమ్, లోడ్ మొదలయ్యే ముందు ఆ రోజు వరుసల్ని చెరిపేసేలా జాబ్ మార్చింది. ఈ ఒక్క బగ్ ఆమె గురించి చెప్పినంత, రెజ్యూమె చెప్పదు. టెస్టింగ్‌లో గడిపిన వారాలు వృథా కాలేదనీ, వాటి మీదుగానే ఆమె ఆ టీమ్ దాకా వెళ్ళిందనీ ఉత్తరంలో మర్యాదగా చెప్పుకునే వీలు కూడా దీనితోనే వచ్చింది.

మూడోది, వరస తప్పకుండా మాట్లాడటం. ముందు మేనేజర్‌తో నోటిమాటగా, వారంవారం కలిసేటప్పుడు, "సర్, మార్చి రిలీజ్ అయ్యాక డేటా టీమ్‌లో పని నేర్చుకోవాలని ఉంది, వాళ్ళ లీడ్‌తో ఒకసారి మాట్లాడొచ్చా?" అని అడగాలి. ఆ తర్వాతే అవతలి లీడ్ దగ్గరికి వెళ్ళాలి. ఈ వరస తిరగబడితే, అంటే తన ఇంటర్న్ వేరే టీమ్‌కి వెళ్ళాలనుకుంటోందన్న సంగతి మేనేజర్‌కి కాఫీ మెషీన్ దగ్గర అవతలి లీడ్ నోటి నుంచి తెలిస్తే, తర్వాత ఎంత చక్కగా రాసినా ఆ గీత చెరగదు. మొదటి మెయిల్‌లో హెచ్‌ఆర్‌నో పై మేనేజర్‌నో కాపీలో పెట్టడమూ అంతే. అది అడిగినట్టు ఉండదు, ఫిర్యాదు చేసినట్టు ఉంటుంది.

ఇంత జరిగాక రాసే ఉత్తరం చిన్నదిగానే ఉంటుంది. ఆఫీసుల్లో ఇది ఇంగ్లీషులోనే వెళ్తుంది. విషయం ఎలా నడుస్తుందో తెలియడానికి తెలుగులో ఇస్తున్నాను.

> నమస్తే సర్,
>
> జనవరి నుంచి మన టీమ్‌లో రిగ్రెషన్ టెస్టింగ్ చేస్తున్నాను. మార్చి రిలీజ్ పూర్తయ్యాక, మిగిలిన మూడు నెలలు డేటా టీమ్‌లో పనిచేయడానికి అవకాశం ఇవ్వగలరా అని అడగడానికి ఈ మెయిల్ రాస్తున్నాను.
>
> చదువయ్యాక డేటా పైప్‌లైన్ల పనిలో స్థిరపడాలనుకుంటున్నాను. లోడ్ జాబ్ రాయడం, ఆగిపోయిన జాబ్‌ని సరిచేసి నడపడం నేర్చుకోవాలి. సేల్స్ రిపోర్టు బగ్‌కి కారణం వెతికినప్పుడు డూప్లికేట్ ఆర్డర్లు దొరికాయి. ఆ టీమ్‌లో నేను ఉపయోగపడగలనన్న నమ్మకం దాంతోనే వచ్చింది.
>
> మీరు సరేనన్నాక డేటా టీమ్ లీడ్‌తో మాట్లాడాను. లోడ్ అయ్యాక లెక్కలు సరిపోయాయో లేదో చూసే చెక్‌లు రాయడానికి వారికి ఒకరు కావాలన్నారు. మీకు సమ్మతమైతేనే ముందుకు వెళ్దామన్నారు.
>
> వెళ్ళేలోపు నేను చూసే టెస్ట్ కేసుల షీటు, టెస్ట్ లాగిన్లు, కారణం లేకుండా అప్పుడప్పుడు ఫెయిలయ్యే కేసుల వివరాలు రాసిపెడతాను. నా పని తీసుకునేవారితో ఒక రిగ్రెషన్ దగ్గరుండి చేయిస్తాను.
>
> పూర్తిగా మారడం ఇప్పుడు వీలుకాకపోతే, వారానికి రెండు రోజులు ఆ టీమ్ పని చేసి మిగతా మూడు రోజులు ఇక్కడే కొనసాగగలను. మీరు చెప్పిన సమయానికి వచ్చి మాట్లాడతాను.

ఇందులో అందరికన్నా ఎక్కువ పనిచేసేది నాలుగో పేరా. కారణం లేకుండా ఫెయిలయ్యే కేసులు ఏవో తెలియని కొత్త మనిషి, వాటి వెనకే ఒక పూట పోగొట్టుకుంటాడు. ఆ సంగతి మేనేజర్‌కి తెలుసు. ఈ అమ్మాయికీ తెలుసని ఆ ఒక్క వాక్యం చెబుతుంది. చివరి పేరాలో ఇచ్చిన రెండు రోజుల దారి ఆయనకి ఇంకో వెసులుబాటు. ఉన్నవి సరే, కాదు అనే రెండు జవాబులే అయితే, ఇబ్బందిలో ఉన్న మనిషి కాదనే అంటాడు.

సమయం గురించి కొంచెం చెప్పాలి. టీమ్ మారితే మర్నాడే పని మొదలవదు. రిపాజిటరీకీ, డేటాబేస్‌కీ అనుమతులు రావాలి, టేబుళ్ళ అమరిక అర్థం కావాలి, అక్కడి పద్ధతులు అలవాటవాలి. రెండు మూడు వారాలు సులువుగా పోతాయి. ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌లో ఆరో వారం, ఏడో వారం దగ్గర అడిగితే, మేనేజర్ రిలీజ్ దాకా ఆపినా చేతిలో మూడు నెలలు మిగులుతాయి. నాలుగో నెల దాటాక అడిగితే కొత్త టీమ్‌కి ఆమె వల్ల ఒరిగేది ఉండదు. ఇంటర్న్‌షిప్ చివర ఉద్యోగం ఇవ్వాలా వద్దా అని రాసేటప్పుడు ఆమె పనిని పూర్తిగా చూసినవారూ ఎవరూ ఉండరు. వేసవిలో చేసే రెండు నెలల ఇంటర్న్‌షిప్‌లో అయితే నా ఉద్దేశంలో టీమ్ మార్పు అడగనే కూడదు. ఉన్నచోటే ఉండి, అవతలి టీమ్ నుంచి ఒక చిన్న పని ఇప్పించమని అడగడం మేలు.

కొన్ని చోట్ల మేనేజర్ ఒప్పుకున్నా పని జరగదు. క్లయింట్‌తో రాసుకున్న ఒప్పందం ప్రకారం అసలు డేటా ఇంటర్న్‌ల కంట పడకూడదంటే డేటా టీమ్ తలుపు మూసుకున్నట్టే. అప్పుడు పేర్లు, ఫోన్ నంబర్లు మార్చేసిన నకలు డేటా మీద పని ఉందా అని అడగవచ్చు. అప్రెంటిస్‌గా చేరినవారి సంగతి వేరు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద చేరినవారికి ఏ ట్రేడ్‌లో శిక్షణ అన్నది ఒప్పందంలోనే రాసి ఉంటుంది. మేనేజర్‌కి రాసే ఒక్క మెయిల్‌తో అది మారదు.

ఇంకొకటి. టీమ్ మారాలనుకోవడానికి అసలు కారణం అక్కడ ఎవరైనా లైంగికంగా వేధించడమే అయితే, దాన్ని నైపుణ్యాల మాటల వెనక దాచి ఈ ఉత్తరం రాయకూడదు. పనిచేసే చోట వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ట్రైనీలకీ, అప్రెంటిస్‌లకీ వర్తిస్తుంది. పదిమంది, అంతకుమించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. ఆ ఫిర్యాదు రాతపూర్వకంగా ఆ కమిటీకే వెళ్ళాలి. విచారణ నడుస్తుండగా వేరే చోటికి మార్చమని కోరే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉంది.

మళ్ళీ మన అమ్మాయి దగ్గరికి వస్తే, జవాబు వారంలోగా రాకపోతే ఒకసారి గుర్తుచేయడం మర్యాదే. అప్పుడూ "రిలీజ్ అయ్యాక చూద్దాం" అంటే, "ఏ తేదీన మాట్లాడమంటారు సర్?" అని అక్కడికక్కడే అడిగి, ఆ తేదీని క్యాలెండర్‌లో పెట్టించుకోవాలి. తేదీ ఇస్తే ఆయన మనసులో విషయం ఉన్నట్టు. రెండుసార్లు అడిగినా తేదీ రాకపోతే అది కాదన్నట్టే. అప్పుడు రెండు రోజుల దారి గురించి మాత్రమే మాట్లాడాలి. ఒప్పుకుంటే, నోటితో అన్నదాన్ని అదే రోజు చిన్న మెయిల్‌గా రాసి పంపాలి. ఏ తేదీ నుంచి మారుతున్నది, ఎవరికి రిపోర్ట్ చేయాలి, జూన్‌లో మూల్యాంకనం ఎవరు రాస్తారు అన్నవి అందులో ఉండాలి. ఈ మూడోది చాలామంది అడగరు. పాత మేనేజర్ రెండున్నర నెలలు చూశాడు, కొత్త లీడ్ మూడు నెలలు చూశాడు, ఇద్దరూ చెరో సగం రాస్తారా, ఒకరే రాస్తారా అన్నది ముందే తేల్చుకోకపోతే చివరికి ఎవరూ రాయని పరిస్థితి వస్తుంది.

కాలేజీలో ప్రాజెక్టు గైడ్‌కి కూడా ఆ వారమే చెప్పాలి. సెమిస్టర్ ప్రాజెక్టు ఇంటర్న్‌షిప్ పని మీదే అయితే, మొదటి రివ్యూలో ఇచ్చిన శీర్షిక టెస్టింగ్ మీద ఉంటుంది. శీర్షిక మార్చడానికి డిపార్ట్‌మెంట్ ఒప్పుకోవాలి. రెండో రివ్యూకి ముందైతే అది సాధారణంగా ఒక అర్జీతో, హెచ్‌ఓడీ సంతకంతో అయిపోతుంది. ఆ తర్వాతైతే, పాత శీర్షికకే కట్టుబడి టెస్టింగ్ మీద రాసి, డేటా టీమ్‌లో రాసిన చెక్‌లని చివరి అధ్యాయంగా చేర్చుకోవలసి వస్తుంది.