పిన్నా, గమ్మా, స్పైరలా?

ఒక భజన మండలి తన పాటల పుస్తకాన్ని అచ్చు వేయించాలనుకుందని ఊహించుకుందాం. డీటీపీ పూర్తయ్యేసరికి 58 పేజీలు తేలాయి. కాగితం 70 జీఎస్ఎం మ్యాప్‌లిథో. ప్రెస్సులో అడిగే మొదటి ప్రశ్న బైండింగ్ ఏమిటని. ‘బాగుండేది చేయండి’ అంటే సరిపోదు. ఆ జవాబును బట్టి పేజీల అమరికే మారిపోతుంది.

ప్రెస్సులవాళ్లు సెంటర్ పిన్నింగ్ అనే పద్ధతికి అసలు పేరు శాడిల్ స్టిచ్. మడిచిన కాగితాలను ఒకదానిలో ఒకటి దూర్చి, గుర్రం వీపున జీను వేసినట్టు పరిచి, మడత మీద తీగ పిన్నులు కొడతారు. మధ్యకు మడిచిన ఒక్కో కాగితం నాలుగు పేజీలవుతుంది కాబట్టి లెక్క ఎప్పుడూ నాలుగుతో భాగించబడాలి. 58 కుదరదు, 60 చేయాలి. మిగిలిన రెండు పేజీల్లో విషయసూచికో, మంగళహారతో వేసుకోవచ్చు. దళసరి అట్ట నాలుగు పేజీలూ విడి లెక్క. ప్రెస్సు భాషలో అది 60+4.

పేజీలు పెరిగే కొద్దీ ఈ పద్ధతిలో ఒక చిక్కు వస్తుంది. 60 పేజీలంటే 15 కాగితాలు. ఈ రకం కాగితం మందం సుమారు మిల్లీమీటరులో పదో వంతు. లోపలి కాగితం మీద బయటి కాగితాలన్నీ చుట్టుకుని ఉంటాయి కాబట్టి, నడిమి కాగితం అంచు దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొస్తుంది. చివర్లో కటింగ్ మిషన్ ఆ అంచులన్నీ సమం చేస్తుంది. అంటే నడిమి పేజీల వెడల్పు ఆ మేరకు తగ్గుతుంది. పేజీ నంబరును అంచుకు మరీ దగ్గరగా పెడితే, మొదటి పేజీల్లో నిక్షేపంగా ఉన్న అంకె మధ్యకొచ్చేసరికి కత్తికి బలవుతుంది. అయినా 60 పేజీలకు ఇది భరించదగ్గ నష్టమే. అంచు నుంచి ఎనిమిది, పది మిల్లీమీటర్లు వదిలితే చాలు.

అదే పుస్తకాన్ని గమ్ బైండింగ్, అంటే పర్ఫెక్ట్ బైండింగ్ చేయిస్తే? 30 ఆకులు కలిపి మూడు మిల్లీమీటర్ల మందం. ఆ సన్నటి వీపు మీద పేరు అచ్చు వేస్తే కొద్దిగా పక్కకు జరిగినా అట్ట మీదికి వచ్చేస్తుంది. పైగా గమ్ పట్టుకోవడానికి ఉన్న చోటు తక్కువ. 60 పేజీలకు పిన్నే మేలు.

రెండో ముద్రణకు పాటలు పెరిగి 120 పేజీలయ్యాయనుకోండి. ఇప్పుడు పిన్ను కొడితే 30 కాగితాలు, నడిమి పేజీల్లో మూడు మిల్లీమీటర్ల కోత. పుస్తకం బల్ల మీద పెడితే మూసుకోదు, నోరు తెరుచుకునే ఉంటుంది. గమ్ బైండింగ్‌కు మాత్రం ఇదే అనువైన మందం. వీపు ఆరు మిల్లీమీటర్లు వస్తుంది, అలమరలో నిలబెడితే పేరు కనిపిస్తుంది. ఆకుల వీపు వైపు అంచును కోసి, గరుకు చేసి, వేడి గమ్ పూసి అట్ట అతికిస్తారు. గరుకు సరిగా పడకపోతే ఆకులు ఊడతాయి. నున్నటి ఆర్ట్ పేపర్ గమ్‌ను సరిగా పీల్చుకోదు. ఫొటోలతో నింపిన వార్షికోత్సవ సంచికల్లో పేజీలు చేతికి ఊడొస్తాయంటే చాలాసార్లు కారణం ఇదే. పరీక్ష తేలిక. మొదటి కాపీని మధ్యకు తెరిచి ఒక ఆకును పట్టుకుని లాగాలి. చిరిగితే గమ్ బాగున్నట్టు, చిరగకుండా ఊడొస్తే మళ్లీ చేయించాల్సిందే.

ఇంతలో హార్మోనియం వాయించే ఆయన మాట వినాలి. రెండు చేతులూ పనిలో ఉంటే గమ్ పుస్తకం తనంతట తాను మూసుకుంటుంది. విరిచి నొక్కితే వీపు పగులుతుంది. ఆయనకు స్పైరలే కావాలి. అది పూర్తిగా వెనక్కి తిరుగుతుంది, పేజీలు ఎన్నయినా సరే, నాలుగుతో భాగించబడాలన్న పట్టింపూ లేదు. జిరాక్సు షాపులో ఒక్క కాపీ అయినా చేసిస్తారు. అయితే వీపు ఉండదు, పేరు వేసే చోటు ఉండదు. తీగ నలిగితే పేజీలు ఇరుక్కుపోతాయి. ప్రతి కాపీకీ రంధ్రాలు కొట్టి తీగ ఎక్కించాలి కాబట్టి వేల కాపీలకు చేతిపని ఎక్కువ.

ఈ మండలికి సరిపోయే దారి ఒకటుంది. 120 పేజీల పుస్తకాన్ని అమ్మకానికి గమ్ బైండింగ్ చేయించి, వాద్యకారుల కోసం పది కాపీల లూజు ఆకులను స్పైరల్ వేయించడం. దానికి డీటీపీలో వీపు వైపు మార్జిన్ రెండు సెంటీమీటర్ల దాకా వదలాలి. గమ్‌కూ, రంధ్రాలకూ అదే సరిపోతుంది. పాత 60 పేజీల ఫైలునే పొడిగించి అచ్చుకు ఇస్తే ఆ మార్జిన్ ఉండదు, మొదటి అక్షరాలు వీపు లోపలికి పోతాయి. ఆర్డరు ఖాయం చేసే ముందు అదే కాగితంతో తెల్ల పేజీల డమ్మీ ఒకటి కుట్టించి, హార్మోనియం మీద పెట్టి చూడండి.