కన్వర్టర్ ప్లగ్గు, కాలిన పిన్ను

పదహారు ఆంపియర్ల లావు పిన్నుల ప్లగ్గును ఆరు ఆంపియర్ల మామూలు సాకెట్టులో పెట్టడానికి ఒక తెల్ల కన్వర్టర్ దొరుకుతుంది. గీజరును దానితో నడిపిన ఇంట్లో ఏం జరుగుతుందో చాలామందికి అనుభవమే. మొదటివారం నీళ్లు బాగానే కాగుతాయి. ఆ తర్వాత సాకెట్టు పసుపు రంగుకు తిరుగుతుంది, ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంది. ప్లగ్గు దూరినంత మాత్రాన సాకెట్టు ఆ బరువు మోయగలదని కాదు. కంప్యూటరులో గ్రాఫిక్స్ కార్డుకు కరెంటు ఇచ్చే తీగల కథ కూడా ఇదే. పైగా అక్కడ కరెంటు గీజరులో కంటే ఎక్కువ.

ఎలాగంటే, 2000 వాట్ల గీజరు 230 వోల్టుల మీద లాగేది 9 ఆంపియర్ల లోపే. 575 వాట్ల ఆర్‌టీఎక్స్ 5090 గ్రాఫిక్స్ కార్డు నడిచేది 12 వోల్టుల మీద. 575ను 12తో భాగిస్తే దాదాపు 48 ఆంపియర్లు. వోల్టేజీ తగ్గినకొద్దీ అంతే పనికి ఎక్కువ కరెంటు పారాలి. పిన్ను వేడెక్కేది ఈ ఆంపియర్ల వల్లే. పిన్నూ దాని గూడూ తాకేచోట కొద్దిపాటి నిరోధం ఎప్పుడూ ఉంటుంది. అక్కడ పుట్టే వేడి కరెంటు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. అందుకే ఏ కనెక్టరును చూసినా వేయాల్సిన ప్రశ్న ఒక్కటే: ఒక్కో పిన్ను మీద ఎన్ని ఆంపియర్లు పడుతున్నాయి?

గ్రాఫిక్స్ కార్డుకు మదర్‌బోర్డు స్లాటు నుంచే 75 వాట్ల వరకు అందుతుంది. చిన్న కార్డులకు అది చాలు, విడిగా తీగ అక్కర్లేదు. అంతకు మించితే ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా కేబుల్ రావాలి. ఆరు పిన్నుల కనెక్టరుకు ప్రమాణం ప్రకారం 75 వాట్లు, ఎనిమిది పిన్నులదానికి 150 వాట్లు. రెండు పిన్నులు పెరిగాయి కనుక వాట్లు రెట్టింపయ్యాయని అనిపిస్తుంది కానీ సంగతి అది కాదు. ఎనిమిది పిన్నులదానిలోనూ 12 వోల్టుల తీగలు మూడే. అదనంగా వచ్చిన రెండూ గ్రౌండుకు కలిపినవి. వాటిలో ఒకటి ‘సెన్స్’ తీగ, అంటే గుర్తింపు తీగ. అది కలిసి ఉందంటే ‘ఇటువైపు ఎస్‌ఎంపీఎస్ 150 వాట్లకు తగ్గట్టు తయారైంది, లాక్కోవచ్చు’ అని కార్డుకు కబురు అందినట్టు. తేడా పిన్నుల సంఖ్యలో కంటే ఆ మాట నిజం కావడంలో ఉంది.

ఈ పాత ఎనిమిది పిన్నుల కనెక్టరు చాలా ఉదారంగా రూపొందింది. 150 వాట్లంటే 12.5 ఆంపియర్లు. మూడు తీగలకు పంచితే ఒక్కో పిన్నుకు 4 ఆంపియర్ల చిల్లర. ఆ పిన్ను నిజానికి దానికి దాదాపు రెట్టింపు మోయగలదు. కాస్త వదులైనా, కాస్త మకిలి పట్టినా తట్టుకుంటుంది. ఇన్నేళ్లూ దాని గురించి ఎవరికీ చింత లేకపోవడానికి కారణం ఆ వెసులుబాటే.

ఆ వెసులుబాటును అడాప్టర్ ఎలా తినేస్తుందో మా మేనల్లుడి కంప్యూటరులో చూశాను. ఆఫీసులవాళ్లు వదిలించుకున్న పాత డెస్క్‌టాప్ ఒకటి కొని, దానికి సెకండ్ హ్యాండ్ ఆర్‌ఎక్స్ 580 కార్డు తెచ్చాడు. కార్డుకు ఎనిమిది పిన్నుల కేబుల్ కావాలి. ఆ ఎస్‌ఎంపీఎస్‌కు అలాంటిది లేదు. దుకాణంలో ఒక అడాప్టర్ చేతిలో పెట్టారు. ఒకవైపు హార్డ్‌డిస్కుకు కరెంటు ఇచ్చే శాటా కనెక్టరు, రెండోవైపు ఎనిమిది పిన్నులు. “సరిగ్గా సరిపోయింది కదా మామయ్యా, ఇంకేం?” అన్నాడు. కాగితం తీసుకుని కూర్చోబెట్టాను.

ఆ కార్డు వాడుక 185 వాట్లు. స్లాటు నుంచి 60 వస్తాయనుకుందాం. మిగతా 125 వాట్లు కేబుల్ మీదుగా రావాలి, అంటే 10 ఆంపియర్ల పైమాట. శాటా పవర్ కనెక్టరులో 12 వోల్టులకు ఉన్నవి మూడు పలచని రేకు పిన్నులు. ఒక్కోదాని పరిమితి ఒకటిన్నర ఆంపియర్లు. మూడూ కలిపి నాలుగున్నర, వాట్లలో 54. అవి మోయాల్సినదేమో దానికి రెండింతలకు పైనే. వేడి లెక్కన చూస్తే అయిదింతలు. అడాప్టర్‌లో ఆ గుర్తింపు తీగ మాత్రం ఫ్యాక్టరీలోనే గ్రౌండుకు కలిపి ఉంటుంది. కనుక కార్డుకు ‘150 వాట్లు సిద్ధం’ అనే అబద్ధం అందుతుంది, అది నమ్మి లాగేస్తుంది. డెస్క్‌టాప్ మామూలుగా నడిచినంతసేపూ ఏమీ కాదు. గేము మొదలెట్టిన అరగంటకు శాటా కనెక్టరు మెత్తబడటం మొదలవుతుంది.

రెండు శాటాలను కలిపి ఎనిమిది పిన్నులు చేసిన అడాప్టర్లు కూడా ఉన్నాయి. కాగితం మీద అవి 9 ఆంపియర్లు, అప్పటికీ చాలదు. పైగా ఆ రెండు తలలూ సాధారణంగా ఒకే కేబుల్‌కు దండలా గుచ్చి ఉంటాయి, కనుక భారమంతా మొదటి తీగల మీదే పడుతుంది. అందుకే ఇందులో ‘కొంచెం ఫరవాలేదు’ అనేది లేదు: శాటా నుంచి గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే అడాప్టర్ ఏదైనా వాడకూడదు. పాత నాలుగు పిన్నుల మోలెక్స్ పిన్ను అంతకంటే లావు. రెండు వేర్వేరు కేబుళ్ల నుంచి రెండు మోలెక్స్‌లు కలిపి ఆరు పిన్నులు చేస్తే 75 వాట్ల వరకు కాస్త నయం. దాన్ని ఎనిమిది పిన్నులుగా మార్చితే మళ్లీ అదే అబద్ధం. ఆరును ఎనిమిదిగా మార్చేదీ ఈ కోవలోనిదే. అసలు ఎస్‌ఎంపీఎస్‌కు ఎనిమిది పిన్నుల కేబుల్ లేదంటే, దాన్ని తయారుచేసినవాళ్లు ఆ కార్డును ఊహించలేదని అర్థం. మా మేనల్లుడు చివరకు కొన్నది కొత్త ఎస్‌ఎంపీఎస్.

అది బిగించేటప్పుడు చెప్పిన రెండు జాగ్రత్తలు ఇక్కడా చెప్పాలి. ప్రాసెసరుకు వెళ్లే కేబుల్‌కూ ఎనిమిది పిన్నులే ఉంటాయి, కానీ దానిలో 12 వోల్టులూ గ్రౌండూ తారుమారు స్థానాల్లో ఉంటాయి. రెండు నాలుగులుగా విడిపోతే అది ప్రాసెసరుది, ఆరూ రెండుగా విడిపోతే కార్డుది. దూరకపోతే బలవంతం చేయవద్దు. ఇక విడదీసే కేబుళ్లున్న మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ అయితే పాతదాని కేబుల్‌ను కొత్తదానికి తగిలించకూడదు. కార్డు వైపు పిన్నుల అమరిక అందరికీ ఒకటే, ఎస్‌ఎంపీఎస్ వైపు ఏ తయారీదారు అమరిక వారిది. తేడా వస్తే స్విచ్ వేసిన క్షణంలోనే కార్డు పోతుంది.

ఇప్పుడు కొత్త రకం దగ్గరకు వద్దాం. మూడు నాలుగు ఎనిమిది పిన్నుల తీగలు చుట్టుకునే బదులు ఒకే సన్నని కేబుల్‌తో 600 వాట్లు ఇవ్వాలన్నది ఆలోచన. అలా వచ్చింది 12వీహెచ్‌పీడబ్ల్యూఆర్. కరెంటుకు పన్నెండు చిన్న పిన్నులు, వాటి పక్కన నాలుగు బుల్లి గుర్తింపు పిన్నులు. 600 వాట్లంటే 50 ఆంపియర్లు. ఆరు పిన్నులకు పంచితే ఒక్కోదాని మీద 8.3. ఆ పిన్ను పరిమితి 9 ఆంపియర్ల చిల్లర. పాతదానిలో సగానికి సగం ఉన్న వెసులుబాటు ఇక్కడ పదో వంతుకు వచ్చేసింది.

దాని ఫలితం త్వరలోనే బయటపడింది. 2022 అక్టోబరులో ఆర్‌టీఎక్స్ 4090 వచ్చిన కొద్ది వారాలకే కరిగిన కనెక్టర్ల ఫొటోలు వెలువడ్డాయి. తమకు తెలిసినవి 50 దాకా ఉన్నాయనీ, ప్లగ్గు పూర్తిగా లోపలికి నొక్కకపోవడం వాటిలో తరచుగా కనిపించిన సమస్య అనీ ఎన్విడియా నవంబరులో చెప్పింది. 2023లో కనెక్టరును సవరించి 12వీ-2ఎక్స్6 అన్నారు. గుర్తింపు పిన్నులను ఒకటిన్నర మిల్లీమీటర్లు పొట్టి చేశారు, కరెంటు పిన్నులను పావు మిల్లీమీటరు పొడవు చేశారు. ప్లగ్గు సగమే దిగితే గుర్తింపు పిన్ను తాకదు, కార్డు కరెంటు లాగదు. తెలివైన సవరణే. కానీ అది సరిచేసింది వదులు ప్లగ్గును మాత్రమే.

మిగిలిన సమస్య పంపకానిది. ఈ కార్డుల్లో చాలావాటిలో ఆరు పిన్నులూ లోపలికి వెళ్లగానే ఒకటిగా కలిసిపోతాయి. ఏ తీగలో ఎంత పారుతోందో కార్డుకు తెలియదు. ఒకటి రెండు పిన్నుల పట్టు సడలితే వాటి వాటా మిగతావాటి మీద పడుతుంది. 2025 ఫిబ్రవరిలో జర్మనీకి చెందిన రోమన్ హార్టుంగ్ తన 5090 మీద కొలిస్తే ఒక్క తీగలోనే 20 ఆంపియర్లకు పైగా కనిపించాయి. ఎస్‌ఎంపీఎస్ వైపు కనెక్టరు 150 డిగ్రీల దాకా వేడెక్కింది. మొత్తం వాట్లు పరిమితి లోపలే ఉన్నాయి, కాలేది మాత్రం ఒక పిన్ను.

మరి కార్డు పెట్టెలో వచ్చే అడాప్టర్ సంగతి? మూడో నాలుగో ఎనిమిది పిన్నుల తలలను కొత్త ప్లగ్గుగా మార్చే ఆ అడాప్టర్ అబద్ధం చెప్పదు. 4090తో వచ్చినదానికి మూడు తలలు కలిపితే 450 వాట్లనీ, నాలుగైతే 600 అనీ గుర్తింపు పిన్నుల ద్వారా కార్డుకు తెలుస్తుంది. షరతు ఒకటే, ప్రతి తలకూ ఎస్‌ఎంపీఎస్ నుంచి విడి కేబుల్ రావాలి. ఒకే కేబుల్ చివర రెండు తలలున్నదాన్ని రెండింటికీ తగిలిస్తే మూడు తీగల మీద 300 వాట్లు పడతాయి. అందులో వెసులుబాటు ఏమీ మిగలదు. ఇక ఎస్‌ఎంపీఎస్‌కే సొంతంగా కొత్త రకం కేబుల్ ఉంటే అడాప్టర్ జోలికి పోనవసరం లేదు. మధ్యలో చేరే ప్రతి అతుకూ మరో వేడి చోటు. కేబుల్‌ను పక్కకు తిప్పే మూల అడాప్టర్లు అలాంటి అతుకులే. కేబుల్‌మాడ్ సంస్థ తన మూల అడాప్టర్లను 2024 ఫిబ్రవరిలో అమెరికాలో వెనక్కి పిలిచింది. దాదాపు 25,300 అడాప్టర్లు అవి.

బిగించేటప్పుడు ప్లగ్గు అంచుకూ సాకెట్టుకూ మధ్య గీత కనిపించకూడదు. మూడున్నర సెంటీమీటర్ల వరకు కేబుల్ నిటారుగా రావాలి, ఆ తర్వాతే వంపు. ఊరికే తీసి పెడుతూ ఉండకూడదు, ఈ కనెక్టరు 30 సార్లకు మాత్రమే ఉద్దేశించినది. తర్వాత ఒక గంట గేము ఆడి, ఎస్‌ఎంపీఎస్ స్విచ్ ఆపి, ప్లగ్గును వేళ్లతో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే సహజం, వేలు నిలవనంత వేడిగా ఉంటే కాదు. అంచున గోధుమ రంగు, చేపవాసన లాంటి ఘాటు, లాగితే రాకుండా బిగుసుకున్న ప్లగ్గు కనిపిస్తే పిన్ను అప్పటికే కాలిందని అర్థం. రెండువైపులా చూడాలి, ఎస్‌ఎంపీఎస్ చివర కూడా. కాలిన కేబుల్‌ను గీకి మళ్లీ పెట్టకూడదు. గూడు ఒకసారి సాగిందంటే దానికి పాత పట్టు తిరిగి రాదు.