ఆగిపొమ్మంటే ఆగాలా?

హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో నోటీసు గడువు చాలాచోట్ల 90 రోజులు. రాజీనామా ఇచ్చాక, ఆ గడువులోనే మేనేజరు పిలిచి జీతం పెంచుతామంటారు. ఉదాహరణకు ఇప్పటి జీతం ఏడాదికి 12 లక్షలు, బయటి ఆఫరు 16 లక్షలు అనుకుందాం. పాత కంపెనీ పదహారున్నర ఇస్తానంటే ఎక్కువే అనిపిస్తుంది. కానీ అందులో 2 లక్షలు రిటెన్షన్ బోనస్ అయితే, ఖాయమైన జీతం పద్నాలుగున్నరే. పైగా ఏడాదిలోపు మానేస్తే బోనస్ వెనక్కి కట్టాలన్న షరతు తరచూ ఉంటుంది.

అందుకే సవరించిన జీతం లేఖ, రాజీనామా ఉపసంహరణకు కంపెనీ అంగీకారం రెండూ చేతికొచ్చేదాకా బయటి ఆఫరును వదులుకోకూడదు. వెళ్లాలనుకున్నది డబ్బు కోసమే అయితే ఆగడం తప్పేమీ కాదు. పని నచ్చక, మేనేజరుతో పొసగక అయితే మాత్రం వెళ్లడమే మంచిదని నా అభిప్రాయం. పెరిగిన జీతంతో ఆ మేనేజరు మారడు.