డిస్ట్రిబ్యూటరుకు నాలుగు ఉత్తరాలు

తెనాలిలో రాగి చెక్కలు చేసి ప్యాకెట్లలో అమ్మే చిన్న యూనిట్ ఒకటి ఉందనుకుందాం. ప్యాకెట్ ధర పది రూపాయలు. చుట్టుపక్కల కిరాణా షాపుల్లో బాగానే పోతోంది. ఇక విజయవాడ, ఏలూరు, ఒంగోలుకు వెళ్లాలంటే అక్కడ ఒక డిస్ట్రిబ్యూటరు కావాలి. పరిచయం లేని ఆయనకు మెయిల్ రాయాలి. చాలామంది ఇక్కడే అమ్మమ్మ చేతి రుచి, నాణ్యమైన నూనె, ఆరోగ్యం అంటూ ఒక పేజీ నింపేస్తారు. రుచి గురించి డిస్ట్రిబ్యూటరుకు చివర్లో చెప్పినా సరిపోతుంది. ఆయన ముందుగా చూసేది తన డబ్బు ఎన్ని రోజుల్లో తిరిగి వస్తుందన్నదే.

ఆ లెక్క ఇలా ఉంటుంది. సరుకు మీద ఆయన యాభై వేలు పెట్టాడు, మార్జిన్ ఎనిమిది శాతం. సరుకు పది రోజుల్లో అమ్ముడుపోయి డబ్బు చేతికొస్తే, అదే యాభై వేలు నెలలో మూడుసార్లు తిరిగి పన్నెండు వేలు మిగులుతుంది. నెలంతా గోడౌన్లో కూర్చుంటే మిగిలేది నాలుగు వేలే. వ్యాను డీజిలు, కుర్రాడి జీతం అందులోంచే పోవాలి. అందుకే మార్జిన్ మరో రెండు శాతం పెంచుతామన్న మాట కంటే, షాపులో వారానికి ఎన్ని ప్యాకెట్లు పోతున్నాయన్న మాట ఆయనకు ఎక్కువ పనికొస్తుంది.

ఎవరికి రాయాలో షాపువాళ్లే చెబుతారు. ఒంగోలులో నాలుగు కిరాణా షాపులకు వెళ్లి చిప్స్, మిక్చర్ ఎవరు వేస్తున్నారో అడగండి. బిల్లు చూపిస్తే పేరు, ఫోన్ నంబరు దాని మీదే ఉంటాయి. ఫోన్ చేసి మెయిల్ ఐడీ అడిగితే ఇస్తారు. ఇప్పటికే ఇలాంటి చెక్కలే అమ్ముతున్నవాళ్ల కంటే, బిస్కెట్లో చాక్లెట్లో వేస్తూ వ్యానులో చోటున్నవాళ్లు త్వరగా ఒప్పుకుంటారని నా అభిప్రాయం.

మొదటి ఉత్తరం ఫోన్ తెరమీద ఒక్క చూపులో చదవగలిగేంత ఉంటే చాలు:

“నమస్కారమండీ. తెనాలిలో రాగి చెక్కలు తయారు చేస్తున్నాం. పది రూపాయల ప్యాకెట్, నిల్వ 120 రోజులు. ఇక్కడ పాతిక షాపుల్లో నడుస్తోంది. ఒంగోలులో ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. శాంపిల్ బాక్సు పంపమంటారా?”

కింద పేరు, ఫోన్ నంబరు, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు, జీఎస్టీ నంబరు ఉండాలి. బరువైన ఫొటోలు, బ్రోచర్లు తగిలించకండి. అవి ఉన్న మెయిల్ స్పామ్‌లో పడే ప్రమాదం ఎక్కువ.

మూడు నాలుగు రోజులైనా జవాబు రాకపోతే, అదే మెయిల్‌కు రిప్లయ్‌గా రెండోది పంపాలి. అప్పుడు మొదటిది కిందే కనబడుతుంది. ఇందులో ధరల లెక్క మాత్రమే ఉండాలి. ఎమ్మార్పీ పది రూపాయలు. కొన్న ధర మీద షాపుకు ఇరవై శాతం మిగలాలంటే షాపుకు చేరే ధర 8.33. డిస్ట్రిబ్యూటరుకు ఎనిమిది శాతం మిగలాలంటే ఆయనకు పడేది 7.71. అందులో అయిదు శాతం జీఎస్టీ తీసేస్తే మన చేతికొచ్చేది సుమారు 7.35. ప్యాకింగ్ నమ్‌కీన్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న పన్నెండు నుంచి అయిదు శాతానికి తగ్గింది. పాత శాతంతో వేసిన రేట్ల పట్టిక పంపితే ఎదుటివాడు ఇట్టే పట్టేస్తాడు.

మూడోది మరో వారానికి. అసలు భయం తీర్చాల్సింది ఇక్కడే. తేదీ దాటిన, నలిగిన ప్యాకెట్ల నష్టం ఎవరిదన్నదే ఆ భయం. “మీకు చేరేనాటికి కనీసం 90 రోజుల గడువున్న సరుకే ఇస్తాం. అమ్ముడుపోనివి గడువుకు నెల ముందు చెబితే మార్చి ఇస్తాం” అని స్పష్టంగా రాయాలి. నిలబెట్టుకోలేని మాటైతే రాయొద్దు. వేసవి గోడౌన్లో నూనె వాసన మారి సరుకు వెనక్కి రావడం మొదలైతే ఆ ఊళ్లో మళ్లీ అడుగుపెట్టడం కష్టం. తెనాలి షాపుల వారంవారీ అమ్మకాల లెక్క కూడా ఇందులోనే జతచేయండి.

నాలుగోది రెండు వాక్యాలు. “ఈ నెలాఖరులోపు మీ మాట తెలియకపోతే ఒంగోలుకు మరొకరితో మాట్లాడతాం. తర్వాత ఎప్పుడు కావాలన్నా ఫోన్ చేయండి.” ఇది నిజమైతేనే రాయాలి. ఒకే ఊరిని ఇద్దరికీ ఇస్తామన్న సంగతి మార్కెట్లో దాగదు.

అందరి చిరునామాలూ సీసీలో పెట్టి ఒకేసారి పంపడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. తన ఊరి పోటీదారు పేరు పక్కనే కనిపిస్తే ఏ డిస్ట్రిబ్యూటరూ జవాబివ్వడు. మెయిళ్లు తిరిగొస్తుంటే చిరునామాలు తప్పు. తిరిగి రాకుండా ఒక్కరూ పలకకపోతే, మీ సొంత జీమెయిల్‌కు ఒకటి పంపి స్పామ్‌లో పడుతోందేమో చూడండి. డొమైన్‌కు SPF, DKIM పెట్టించారో లేదో మెయిల్ సర్వీసువాళ్లను అడగండి.

“రేట్లు పంపండి” అని వస్తే ఆసక్తి మొదలైనట్టే. “క్రెడిట్ ఎన్ని రోజులు?” అని అడిగితే కొనే ఆలోచనలో ఉన్నట్టు. ఆ జవాబు వచ్చిన రోజే మెయిల్ మానేసి ఫోన్ చేయండి, మర్నాడు శాంపిల్ బాక్సుతో వెళ్లండి. వద్దన్నవాళ్లకు మాత్రం మళ్లీ రాయొద్దు.