ఎల్‌నినో పేరు చెప్పి ఎడ్లమ్ముకోకండి

మా బావ ఫోన్‌కు మళ్లీ అదే వాయిస్ మెసేజ్ వచ్చింది. గొంతు మారింది, మాట మారలేదు. "పసిఫిక్ సముద్రం ఉడుకుతోంది, ఎల్‌నినో ఖాయమైంది, ఆగస్టు దాకా చుక్క పడదు, విత్తనాల మీద డబ్బు పోయకండి, పశువులను అమ్ముకోండి." చివర్లో పదిమందికి పంపమని వేడుకోలు. 2023 మే నెలలో ఇలాంటి మెసేజే విని ఆయన జత ఎడ్లను సంతలో సగం ధరకు ఇచ్చేశాడు. కౌలుకు పట్టిన మూడెకరాలు వదులుకున్నాడు. కొన్నవాడు ఆ మెసేజ్ వినలేదో, విని నవ్వుకున్నాడో తెలియదు.

బావ ఊరు భూపాలపల్లి వైపు. ఆ జూన్ చూస్తే మెసేజ్ పంపినవాడు బ్రహ్మంగారే అనిపించింది. రుతుపవనాలు ఆలస్యంగా వచ్చాయి, నెలలో మూడు వారాలు దుమ్మే. అమెరికా వాతావరణ సంస్థ జూన్ 8న ఎల్‌నినో మొదలైందని ప్రకటించింది కూడా. "చూసినవా, నేను చెప్పలే?" అని బావ నన్నే ఎత్తిపొడిచాడు. తర్వాత జులై చివరి వారంలో బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టింది. 27వ తేదీ ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. తెలంగాణ అంతకు ముందు ఎన్నడూ చూడని వాన అది. మోరంచపల్లి ఊరు మునిగింది, జనం ఇళ్ల పైకప్పులెక్కారు. ఎల్‌నినో ప్రకటించి అప్పటికి సరిగ్గా ఏడు వారాలు.

అయితే ఎల్‌నినో ఉత్తమాట అని నేననడం లేదు. ఆ వెంటనే వచ్చిన ఆగస్టులో దేశం మొత్తం మీద వాన 36 శాతం తగ్గింది. 1901 నుంచి ఉన్న లెక్కల్లో అంత ఎండిన ఆగస్టు లేదు. నాలుగు నెలలూ కలిపితే దేశంలో వాన సగటులో 94 శాతం దగ్గర ఆగింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో వందకు పైగా మండలాలను కరవు మండలాలుగా ప్రకటించారు, వాటిలో ఎక్కువ రాయలసీమవి. తెలంగాణలోనేమో సీజన్ మొత్తం వాన సాధారణానికి తగ్గలేదు. ఒకే ఎల్‌నినో, ఒకే ఏడాది, పక్కపక్క రాష్ట్రాలు. "ఎల్‌నినో అంటే కరవు" అనే మూడు ముక్కల సూత్రం ఇందులో ఎక్కడ ఇముడుతుందో ఆ మెసేజ్ మహానుభావుడే చెప్పాలి.

అసలు లెక్క ఇదీ. 1951 నుంచి 2022 దాకా 15 ఎల్‌నినో ఏళ్లు వచ్చాయని మన వాతావరణ శాఖ చెబుతోంది. వాటిలో ఆరింటిలో దేశంలో వానలు సాధారణంగానో, అంతకంటే ఎక్కువగానో పడ్డాయి. అంటే ఐదు సార్లలో రెండు సార్లు గండం తప్పింది. గండం ఉన్నమాట నిజం, రాసిపెట్టి ఉందన్నమాట అబద్ధం. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థకు చెందిన కె. కృష్ణకుమార్, ఆయన సహచరులు 132 ఏళ్ల వానల రికార్డు ముందేసుకుని 2006లో ఇదే విషయాన్ని ఇంకా చక్కగా తేల్చారు. దేశంలో తీవ్రమైన కరవు వచ్చిన ప్రతిసారీ ఎల్‌నినో ఉంది. ఎల్‌నినో ఉన్న ప్రతిసారీ తీవ్రమైన కరవు రాలేదు. మెసేజ్‌లు తయారుచేసేవాళ్లు మొదటి వాక్యం చదివి రెండోది వదిలేస్తారు.

రెండు ఏళ్లను పక్కపక్కన పెట్టి చూడండి. 1997 ఎల్‌నినో 20వ శతాబ్దంలోకెల్లా బలమైన వాటిలో ఒకటి. దేశంలో ఆ ఏడు వాన సగటుకు 102 శాతం. 2002లో వచ్చింది ఓ మోస్తరుది, 1997తో పోలిస్తే సగం వేడి. ఆ ఏడు వాన 81 శాతం. ఒక్క జులైలోనే పడాల్సిన దాంట్లో సగం పడలేదు. నారు మడుల్లోనే పండుబారిన జులై అది. పెద్ద భూతం ఊరికే పోయింది, చిన్నది పీక పట్టుకుంది.

ఎందుకంటే నీరు ఎంత వేడెక్కిందన్నది ఒక్కటే కాదు, ఎక్కడ వేడెక్కిందన్నదీ లెక్కే. సముద్రం మీద బాగా వెచ్చగా ఉన్న చోట గాలి పైకి లేస్తుంది, మబ్బు కట్టి అక్కడే కురుస్తుంది. లేచిన గాలి మరెక్కడో దిగాలి. దిగే చోట మబ్బు నిలవదు. మామూలు ఏళ్లలో ఆ లేచే చోటు ఇండోనేసియా చుట్టుపక్కల ఉంటుంది. ఎల్‌నినోలో వ్యాపార పవనాలు సడలి, పడమట పోగుపడ్డ వెచ్చని నీరు తూర్పుకు జరుగుతుంది, దాని వెంట వానలూ జరుగుతాయి. 1997లో వేడి ముఖ్యంగా దక్షిణ అమెరికా వైపు, పసిఫిక్ తూర్పు కొసన ఉంది. 2002లో నడి పసిఫిక్‌లో ఉంది. వేడి నడిమధ్యన ఉంటే దిగే గాలి మన నెత్తిన దిగే అవకాశం పెరుగుతుంది, ఇదే కృష్ణకుమార్ బృందం తేల్చింది. దానికితోడు 1997లో మన హిందూ మహాసముద్రమే పడమటి వైపు వేడెక్కి, తూర్పు వైపు చల్లబడి వానలకు అండగా నిలిచింది. 2002లో ఆ అండ లేదు. "ఎల్‌నినో వస్తోంది" అని విన్నప్పుడు మొదట అడగాల్సింది "ఎంత పెద్దది?" అని కాదు, "ఎక్కడ?" అని.

ఆ కబురు ఎప్పుడు విన్నారన్నదీ చూసుకోవాలి. మార్చి, ఏప్రిల్‌లలో పసిఫిక్ గాలులూ నీళ్లూ ఎటూ తేలని స్థితిలో ఉంటాయి, అప్పుడు చేసిన అంచనాలు తరచూ తప్పుతాయి. 2014 వసంతంలో భారీ ఎల్‌నినో రాబోతోందని ప్రపంచమంతా రాసింది. అది చతికిలపడింది. అయినా ఆ ఏడు మన దగ్గర వాన 88 శాతమే. భూతం రాకున్నా కరవు వచ్చింది, అదీ మీరు గుర్తుంచుకోండి.

మిగతా నమ్మకాలకు ఒక్కో వాక్యం చాలు. ఎల్‌నినో తుపాను కాదు, తీరం దాటదు. మేలో కాసే ప్రతి ఎండా దాని పుణ్యం కాదు. లానినా వస్తే వానలకు పూచీ ఏమీ లేదు. కార్ల పొగతో పుట్టింది కాదు, కార్లు లేని కాలంలోనూ ఇది వస్తూపోతూనే ఉంది.

ఒక్క నమ్మకం దగ్గర మాత్రం నేను వెనక్కి తగ్గక తప్పలేదు. భీమవరం వైపు రొయ్యల రైతులు "పెరూలో నీళ్లు వేడెక్కాయట, మేత రేటు పెరుగుతుంది" అంటుంటే మొదట నవ్వాను. ఎక్కడి పెరూ, ఎక్కడి భీమవరం! తీరా తరచి చూస్తే వాళ్ల మాటలో పస ఉంది.

పెరూ తీరంలో దొరికేది ఒక జాతి నెత్తళ్లు. ఒకే జాతి చేపను అంత భారీగా పట్టే చోటు ప్రపంచంలో మరొకటి లేదు. వాటిలో దాదాపు అంతా ఎండి, పొడై, రొయ్యలకూ చేపలకూ పందులకూ మేతగా పోతుంది. అక్కడ గాలి తీరం వెంబడి వీస్తూ పైనీటిని లోపలికి తోస్తుంది, దాని చోటులోకి అడుగు నుంచి చల్లని, ఎరువు నిండిన నీరు ఉబికివస్తుంది. నాచు, దాన్ని తినే సన్నజీవులు, వాటిని తినే నెత్తళ్లు, అన్నీ ఆ ఉబుకు మీదే బతుకుతాయి. ఎల్‌నినో వస్తే ఈ ఉబుకు ఆగిపోతుందని చాలామంది రాస్తారు. ఆగదు. గాలి వీస్తూనే ఉంటుంది, నీరు లేస్తూనే ఉంటుంది. కాకపోతే పైనున్న వెచ్చని పొర మందమైపోయి, లేచే నీరు కూడా అందులోదే అవుతుంది. బోరు ఆడుతూనే ఉంటుంది, వచ్చేది మాత్రం ఉత్త నీళ్లు.

ఇక్కడే జాలర్లను బోల్తా కొట్టించే మలుపు ఉంది. చల్లని నీరు తీరానికి ఆనుకుని సన్నని పట్టీలా మిగిలితే, నెత్తళ్లన్నీ అందులోకే ఇరుక్కుంటాయి. వల వేస్తే చాలు. 1972 మొదట్లో ఇలాగే విరగబడి దొరికాయి, ఎవరూ ఆపలేదు. 1970లో కోటీ 20 లక్షల టన్నుల దాకా ఉన్న వేట 1973కి 20 లక్షల టన్నుల దగ్గరకు పడిపోయింది. తప్పు సముద్రానిది ఒక్కదానిదే కాదు, అంతకు ముందు నుంచీ మితిమీరి పట్టారు. పెరూ ఆ పాఠం నేర్చుకుంది. 2023లో తీరం వేసవిలోనే వేడెక్కింది. జూన్‌లో పరీక్షగా వల వేయించి చూస్తే పడినవాటిలో పిల్ల చేపలే ఎక్కువ. ఉత్తర, మధ్య తీరాల్లో ఆ ఏటి మొదటి వేట కాలాన్నే ప్రభుత్వం రద్దు చేసింది. ప్రపంచ మార్కెట్లో చేపపొడి ధర ఎక్కింది. మన మేత కంపెనీలు వాడే పొడి ఎక్కువగా మన తీరంలోదే అయినా, బయట ధర ఎక్కితే అది కూడా ఎగుమతి బాట పడుతుంది, ఇక్కడి ధర కూడా దాని వెంట నడుస్తుంది. కాబట్టి భీమవరం మాట నిజమే. కాకపోతే పెరూ మళ్లీ వేట మొదలుపెట్టినప్పుడు బస్తా మీద ఎంత తగ్గిందో కూడా డీలర్‌ను అడగండి. ఆ ప్రశ్నకు జవాబు సాధారణంగా టీ తాగుదాం రమ్మనడమే.

మెసేజ్ విన్నవాళ్లు చేయాల్సిన పని ఇదీ. ఏప్రిల్‌లో వచ్చే వాతావరణ శాఖ అంచనా విని ఏ నిర్ణయమూ తీసుకోకండి. మే చివర్లో దాన్ని సవరిస్తారు, అదీ దేశం మొత్తానికి, మీ మండలానికి కాదు. మీకు అక్కరకొచ్చేది వారం వారం ఇచ్చే రెండు వారాల అంచనా. ఎల్‌నినో ఏట వానకూ వానకూ మధ్య ఎడం సాగుతుంది, 2023 ఆగస్టు చూశాం కదా. అందుకే తొలకరి జల్లుకు పత్తి గింజ పెట్టకండి. 60, 75 మిల్లీమీటర్లు పడి నేల లోతుగా తడిసిందాకా ఆగండి. తక్కువ కాలంలో చేతికొచ్చే రకం ఎంచుకోండి, మధ్యలో కంది సాళ్లు వేయండి. ఎడ్లను అమ్మాలనుకుంటే గడ్డివాము చూసి అమ్మండి, ఫోన్ చూసి కాదు.

నెల్లూరు, చిత్తూరు, కడప వైపు వాళ్లకు మరో మాట. ఎల్‌నినో ఏట నైరుతి ఎండగట్టినా ఈశాన్య రుతుపవనం అక్టోబరు తర్వాత గట్టిగా కురిసే అవకాశమే ఎక్కువ. 2015లో నైరుతి 86 శాతం దగ్గర చేతులెత్తేసింది. నవంబరులో నెల్లూరు, చిత్తూరు, కడప జిల్లాలు వరదల్లో మునిగాయి, డిసెంబరులో చెన్నై మునిగింది. ఎండిన చెరువును చూసి ఈ ఏడు ఇంతేనని వదిలేస్తే ఆ నీరు కట్ట తెంచుకుని పోతుంది. సెప్టెంబరు లోపే కట్ట మీది ముళ్లకంప కొట్టించి, ఎలుక బొరియలు పూడ్పించి, తూము తలుపు లేస్తోందో లేదో ఒకసారి ఎత్తి చూడండి.