గట్టిగా ఊపిరి పీల్చుకోమనకండి

మే నెల, మిట్టమధ్యాహ్నం. రైల్వే గేటు పడింది. ముందు లారీ, వెనక బస్సు, మధ్యలో ఆటో. దాన్ని నడుపుతున్న 32 ఏళ్ల మనిషికి ఉన్నట్టుండి గుండె దడదడా కొట్టుకోవడం మొదలైంది. గొంతు పట్టేసినట్టయింది, గాలి ఆడలేదు. వేళ్లు తిమ్మిరెక్కాయి, మూతి చుట్టూ చీమలు పాకినట్టనిపించింది. ఇక ప్రాణం పోతోందనుకుని ఆటో అక్కడే వదిలేసి దిగిపోయాడు. ఎవరో బైకు మీద ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడికి చేరేసరికే సగం తగ్గిపోయింది. ఈసీజీ తీసి, రక్తపరీక్ష చేసి, "ఏమీ లేదు, గ్యాస్ అయ్యుంటుంది" అని మాత్రలిచ్చి పంపారు.

అతను నా క్లినిక్‌కి వచ్చేసరికి ఇలా నాలుగుసార్లయింది. ఫైల్లో మూడు ఈసీజీలున్నాయి, మూడూ బాగానే ఉన్నాయి. "ఏమీ లేకపోతే ఇదంతా ఎందుకొస్తోంది సార్?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఎన్ని ఈసీజీలు తీసినా లాభం లేదని నా నమ్మకం. వైద్యులు "ఏమీ లేదు" అన్నప్పుడు వాళ్ల ఉద్దేశం గుండెజబ్బు లేదని. రోగికి మాత్రం తన బాధే అబద్ధమన్నట్టు వినిపిస్తుంది.

అతనికి వచ్చింది పానిక్ ఎటాక్. పాము కనిపిస్తే పరుగెత్తడానికి ఒంట్లో ఒక ఏర్పాటు ఉంది. అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది, చెమట పడుతుంది, ఊపిరి జోరందుకుంటుంది. పానిక్ ఎటాక్‌లో ఆ ఏర్పాటే పాము లేకుండా పనిచేస్తుంది. సాధారణంగా పది నిమిషాల్లోపు తారస్థాయికి చేరి, అరగంటలోపు దానంతటదే దిగిపోతుంది. అందుకే చాలామందికి ఆసుపత్రి గుమ్మం తొక్కేసరికి నెమ్మదిస్తుంది.

ఇందులో ఎక్కువమందికి తెలియని సంగతి ఊపిరి గురించి. గాలి ఆడనట్టుంటుంది గానీ, ఆ సమయంలో వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్ పెడితే మామూలుగా 98, 99 చూపిస్తుంది. తగ్గేది ఆక్సిజన్ కాదు, కార్బన్ డయాక్సైడ్. పరుగెత్తేవాడు గబగబా ఊపిరి తీస్తే కండరాలు ఆ వాయువును అంతే జోరుగా తయారుచేస్తుంటాయి, లెక్క సరిపోతుంది. ఆటోలో కదలకుండా కూర్చున్నవాడు అదే జోరుగా ఊపిరి తీస్తే తయారైనదానికంటే ఎక్కువ బయటికి పోతుంది. దాంతో మెదడుకు వెళ్లే రక్తనాళాలు కాస్త కుంచించుకుని కళ్లు తిరిగినట్టవుతుంది. రక్తంలో పుల్లదనం తగ్గి, నరాలకు అందుబాటులో ఉండే కాల్షియం తగ్గడంతో వేళ్లు, పెదవులు తిమ్మిరెక్కుతాయి. కొందరికి వేళ్లు కొంకర్లు పోతాయి కూడా. ఇవన్నీ చూసి మనిషి ఇంకా హడలిపోయి, ఇంకా గట్టిగా గాలి పీలుస్తాడు. పక్కనున్నవాళ్లు "గట్టిగా ఊపిరి పీల్చుకో" అని తొందరపెడతారు. ప్రేమతో చెప్పే మాటే, కానీ బాధను పెంచుతుంది.

ఇదంతా నోటితో చెబితే అతను సగమే నమ్మాడు. గుండెజబ్బు, ఆస్తమా, మూర్ఛ లేవని నిర్ధారించుకున్నాక, నా ఎదురుగానే కూర్చోబెట్టి ఒక నిమిషం గబగబా, లోతుగా ఊపిరి తీయమన్నాను. నలభై సెకన్లకే చేతులు విదిలించుకున్నాడు. "అదే సార్, అచ్చం గేటు దగ్గర వచ్చినట్టే!" ఆపి, నెమ్మదిగా ఊపిరి తీయించాను. రెండు మూడు నిమిషాల్లో తిమ్మిరి పోయింది. గుండె ఏమీ చేయలేదు, తన ఊపిరే చేసింది. ఆ ఒక్క నిమిషం మూడు ఈసీజీలు చెప్పలేనిది చెప్పింది. ఈ పరీక్ష ఇంట్లో సొంతంగా చేయకండి, వైద్యుడి ఎదుటే చేయాలి.

తర్వాత వ్యాయామం నేర్పాను. కుర్చీలో వెనక్కి ఆని కూర్చుని ఒక చెయ్యి ఛాతీ మీద, మరొకటి బొడ్డు పైన పెట్టుకోవాలి. నోరు మూసుకుని ముక్కుతో, మనసులో నాలుగు లెక్కపెట్టేంతసేపు మెల్లగా గాలి లోపలికి. పొట్ట మీది చెయ్యి లేవాలి, ఛాతీ మీదిది దాదాపు కదలకూడదు. తర్వాత వేడి టీ మీద ఊదినట్టు పెదవులు సన్నగా చేసి, ఆరు లెక్కపెట్టేంతసేపు బయటికి. నిమిషానికి ఆరు ఊపిరులవుతాయి, మామూలుగా మనం తీసేవాటిలో సగమో అంతకన్నా తక్కువో. ఐదు నిమిషాలు చేస్తే చాలు. నాలుగూ ఆరూ కష్టమైతే మూడూ నాలుగుతో మొదలుపెట్టవచ్చు.

ఇక్కడ దాదాపు అందరూ చేసే తప్పు నెమ్మదిగా తీయమంటే నిండుగా తీయడం. ఊపిరి పెద్దది కాకూడదు, నిదానంగా ఉండాలి. ఆవలింతలో పీల్చినంత గాలి పీలిస్తే అంకెలు సరిపోయినా కళ్లు తిరుగుతాయి. అలా తిరిగితే తక్కువ గాలి తీయమని గుర్తు. రెండో తప్పు, దడ వచ్చిన రోజే మొదటిసారి చేయడం. నడిగోదారిలో ఎవరూ ఈత నేర్చుకోరు. ప్రశాంతంగా ఉన్నప్పుడు, పొద్దునా రాత్రీ ఐదేసి నిమిషాలు రెండు మూడు వారాలు చేస్తేనే అవసరమైనప్పుడు చేతికొస్తుంది. కాగితం సంచిలో ఊపిరి తీయడం సినిమాల్లో చూసి ఉంటారు. అది చేయకండి. నిజంగా గుండెజబ్బో ఆస్తమానో అయితే ప్రాణం మీదికొస్తుంది.

అందుకే మొదటిసారి వచ్చినప్పుడు ఇది పానిక్కేనని ఎవరికి వారు తేల్చుకోకూడదు. మెట్లెక్కితే వచ్చి కూర్చుంటే తగ్గే నొప్పి, ఎడమచేతికో దవడకో పాకే బరువు, నిజంగానే స్పృహ తప్పిపోవడం, నలభై దాటాకో షుగరు, బీపీ ఉన్నవాళ్లకో కొత్తగా రావడం ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. పానిక్‌లో పడిపోతామన్న భయమే తప్ప నిజంగా పడిపోవడం అరుదు. థైరాయిడ్, రక్తహీనత కూడా దడ పుట్టిస్తాయి కాబట్టి ఆ పరీక్షలు ఒకసారి చేయించడం మంచిదే.

మందుల దగ్గర ఒక జాగ్రత్త చెప్పాలి. ఆల్ప్రాజోలం చప్పున పనిచేస్తుంది, అలాగే చప్పున అలవాటవుతుంది. రోజూ వాడి ఒక్కసారిగా మానేస్తే దడ రెట్టింపై వస్తుంది. దాన్ని దుకాణంలో అడిగి కొనుక్కోవద్దు, ఇప్పటికే వాడుతుంటే వైద్యుడి సలహాతో కొద్దికొద్దిగా తగ్గించాలి. ఎటాక్‌లు మళ్లీమళ్లీ వస్తుంటే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఉన్నాయి. ఆ మందుల గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో కంగారు కాస్త పెరగవచ్చు కూడా. ఎవరిని అడగాలో తెలియకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు.

మన ఆటో అతనికి మందు అవసరం పడలేదు. కానీ అతని జబ్బు అప్పటికే రోడ్డు మీదికి పాకింది. ఆ గేటు దారి మానేశాడు, తర్వాత గేటు అవతలి బేరాలన్నీ మానేశాడు. నీళ్ల సీసా, తోడుగా తమ్ముడు లేనిదే బండి తీయడం లేదు. తప్పించుకున్న ప్రతిసారీ "వెళ్లలేదు కాబట్టే బతికాను" అని మనసు నమ్ముతుంది, భయం బలపడుతుంది. ఊపిరి వ్యాయామాన్ని కూడా ప్రాణం కాపాడే మంత్రంలా పట్టుకుంటే అదే జరుగుతుంది. అందుకే అతనికి చెప్పాను, "దడను ఆపడానికి కాదు బాబూ, అది పోయేదాకా అక్కడే ఉండటానికి."

మొదటివారం తమ్ముడితో గేటు దాకా వెళ్లి నిలబడ్డాడు. మూడోవారం ఒక్కడే, ఖాళీ ఆటోతో. ఐదోవారం ఇద్దరు ప్రయాణికులతో వెళ్తుంటే గేటు పడింది. దడ వచ్చింది. దిగలేదు, నాలుగూ ఆరూ లెక్కపెట్టుకున్నాడు. ఎప్పుడు తగ్గిందంటే చెప్పలేకపోయాడు. గేటు లేచి, వెనక బస్సువాడు హారన్ మోగిస్తుంటే ఆటో స్టార్ట్ చేసే హడావుడిలో గమనించలేదట.